పాత కారు తుక్కుకిస్తే నిజంగా మిగిలేదెంత?

‘మీ పాత కారు స్క్రాప్ చేయండి, కొత్త కారుపై 75 వేల వరకు లాభం పొందండి.’ షోరూమ్ ముందు ఇలాంటి బ్యానర్ కనిపిస్తే, ఇంట్లో పదిహేనేళ్లు దాటిన కారున్న ఎవరైనా ఒక్క క్షణం ఆగుతారు. ఆ డెబ్బై అయిదు వేలు ఎవరి జేబులోంచి వస్తున్నాయో, అందులో పాత కారు వల్ల వచ్చేది ఎంతో విడదీసి చూసేవాళ్లు తక్కువ. విడదీయడం పెద్ద కష్టమేమీ కాదు. రెండు కొటేషన్లు, ఒక తీసివేత చాలు.

ముందుగా ఒక అపోహ తొలగాలి. పదిహేనేళ్లు నిండిన సొంత కారును తుక్కుకు ఇచ్చి తీరాలని తెలుగు రాష్ట్రాల్లో చాలామంది అనుకుంటున్నారు. ఢిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ వాహనాలపై కోర్టులు, హరిత ట్రైబ్యునల్ విధించిన ఆంక్షల వార్తలు విని ఏర్పడిన భయం ఇది. కేంద్రం 2021 ఆగస్టులో ప్రారంభించిన వాహన స్క్రాపింగ్ విధానం సొంత వాహనాలకు స్వచ్ఛందం. పదిహేనేళ్ల తర్వాత తనిఖీలో నెగ్గితే ఆర్సీని మరో అయిదేళ్లకు పొడిగించుకోవచ్చు. కాకపోతే ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి కారుకు 600 రూపాయల నుంచి 5 వేలకు పెరిగింది. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025లో దాన్ని 10 వేలు చేశారు. ఆర్సీ పొడిగించుకునే వీలుందా లేదా అన్నది కారు ధరను ఎలా తారుమారు చేస్తుందో కాసేపట్లో చూద్దాం.

స్క్రాప్ పథకంలో లాభం మూడు చోట్ల నుంచి వస్తుంది. మొదటిది, తుక్కు కేంద్రం ఇచ్చే డబ్బు. రెండోది, కొత్త కారు లైఫ్ ట్యాక్స్‌లో రాష్ట్రం ఇచ్చే రాయితీ. మూడోది, కార్ల కంపెనీ ఇచ్చే డిస్కౌంట్. రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ కూడా ఉంది కానీ, సొంత కారుకు ఆ ఫీజే 600 రూపాయలు కనుక లెక్కలో దాని బరువు తక్కువ.

కంపెనీ డిస్కౌంట్ గురించే ప్రచారం ఎక్కువ. విధానం ప్రకటించినప్పుడు కంపెనీలు 5 శాతం తగ్గించాలని కేంద్రం సూచించింది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీతో సమావేశం తర్వాత మారుతి సుజుకీ, టాటా, మహీంద్రా, హ్యుందాయ్, కియా, టయోటా, హోండా వంటి సంస్థలు ఒప్పుకున్నది మాత్రం ఎక్స్‌షోరూమ్ ధరలో 1.5 శాతం లేదా 20 వేల రూపాయలు, ఏది తక్కువైతే అది. అంటే 8 లక్షల కారుకు 12 వేలు. ధర 13 లక్షల 33 వేలు దాటాక ఎంత ఖరీదైన కారు కొన్నా 20 వేలకు మించదు. పైగా ఇది అప్పట్లో ఏడాది కాలానికని చెప్పిన మాట. ఈరోజు ఏ కంపెనీ ఏ మోడల్‌పై ఎంత ఇస్తోందో షోరూమ్‌లో కాగితం మీద రాయించుకోవాలి. పోలిక కోసం ఒక్క సంగతి: 2025 జనవరి నుంచి కార్ల ధరలు 4 శాతం వరకు పెంచుతున్నట్టు మారుతి ముందుగానే ప్రకటించింది. ఏటా జనవరిలో జరిగే సవరణ ఒక్కటి చాలు, ఈ 1.5 శాతాన్ని మింగేయడానికి.

అసలు మెలిక మరొకటి ఉంది. ఆ ఒప్పందం ప్రకారం ఎక్స్‌ఛేంజ్ బోనస్, స్క్రాప్ డిస్కౌంట్ రెండూ ఇవ్వాల్సిన పని లేదు. కారు తుక్కుకు వెళ్లింది, షోరూమ్ చేతికి రాలేదు కనుక స్క్రాప్ డిస్కౌంట్ ఇస్తే సరిపోతుంది. చాలా మోడళ్లపై ఎక్స్‌ఛేంజ్ బోనస్ స్క్రాప్ డిస్కౌంట్ కంటే ఎక్కువగానో, దానితో సమానంగానో ఉంటుంది. ఇక్కడే కొనుగోలుదారు దెబ్బతింటాడు.

అమెరికా 2009లో ఇలాంటి పథకమే పెట్టినప్పుడు ఈ చిక్కును చట్టంలోనే విప్పింది. పాత వాహనం ఇచ్చినవారికి 3,500 లేదా 4,500 డాలర్లు ప్రభుత్వమే భరించింది. డీలర్ మామూలుగా ఇచ్చే తగ్గింపులు ఏవున్నా వాటికి అదనంగానే ఈ డబ్బు ఇవ్వాలని నిబంధన పెట్టింది. పాత బండి తుక్కు విలువ ఎంతో డీలర్ ముందే చెప్పాలని కూడా ఆదేశించింది. మన దగ్గర అలాంటి రక్షణ లేదు. కాబట్టి ఆ పని కొనేవారే చేసుకోవాలి.

ఇప్పుడు బ్యానర్ మీది 75 వేలను ఒక ఊహా ఉదాహరణతో విప్పి చూద్దాం. వరంగల్‌లో ఒక కుటుంబం దగ్గర పదహారేళ్ల చిన్న పెట్రోల్ కారు ఉంది. నడుస్తోంది, ఆర్సీ పొడిగించారు. వాళ్లు కొనాలనుకున్న కారు ఎక్స్‌షోరూమ్ ధర 8 లక్షలు. షోరూమ్ సేల్స్‌మన్ లెక్క ఇది: నగదు డిస్కౌంట్ 15 వేలు, స్క్రాప్ డిస్కౌంట్ 12 వేలు, తుక్కు డబ్బు 20 వేలు, లైఫ్ ట్యాక్స్ రాయితీ 28 వేలు. కలిపితే 75 వేలు. కూడిక తప్పేమీ లేదు.

తప్పు ఆ కూడికలో చేరిన అంకెల్లో ఉంది. నగదు డిస్కౌంట్ 15 వేలు పాత కారు లేని మనిషికి కూడా ఇస్తారు. దాన్ని స్క్రాప్ లాభంలో కలపడం సరికాదు. తుక్కు డబ్బు 20 వేలు అంటే, 800 కిలోల కారును కిలో 25 రూపాయల చొప్పున అనుకున్న లెక్క. అది కానుక ఏమీ కాదు, సొంత ఆస్తి అమ్ముకుంటే వచ్చిన ధర. అదే కారును బయట అమ్మితే ఎంత వచ్చేదన్నది దాని పక్కన పెట్టి చూడాల్సిన అంకె. ఇక 28 వేల పన్ను రాయితీ. లైఫ్ ట్యాక్స్ 14 శాతం అనుకుంటే 8 లక్షల మీద లక్షా 12 వేలు అవుతుంది, అందులో పాతిక శాతం 28 వేలు. కానీ కేంద్ర నిబంధనల్లో సొంత వాహనాలకు రాసింది ‘25 శాతం వరకు’ అని. ఆ ‘వరకు’లో ఎంత ఇవ్వాలో రాష్ట్రం ఇష్టం. కొన్ని రాష్ట్రాలు శాతంలో ఇస్తే, కొన్ని కారు ధరను బట్టి ఇన్ని వేలని స్థిరంగా ఇస్తాయి. బ్యానర్ రాసినవాళ్లు గరిష్ఠ అంకె వేసుకుంటారు. మన జిల్లా రవాణా కార్యాలయంలో ఈ ఏడాది ఇచ్చేది ఎంతో కనుక్కుని ఆ అంకె వేసుకోవాలి.

ఇదే కుటుంబం ఎక్స్‌ఛేంజ్ దారిలో వెళ్తే? నడిచే కారు, ఆర్సీ బతికే ఉంది కనుక దానికి 55 వేలు పలికిందనుకుందాం. షోరూమ్ ఎక్స్‌ఛేంజ్ బోనస్ 20 వేలు. అందరికీ ఇచ్చే నగదు డిస్కౌంట్ 15 వేలు ఎలాగూ ఉంది. మొత్తం 90 వేలు. స్క్రాప్ దారి కంటే 15 వేలు ఎక్కువ! రాష్ట్రం ఇచ్చే పన్ను రాయితీ 28 వేలకు బదులు 10 వేలే అయితే స్క్రాప్ లాభం 57 వేలకు పడిపోతుంది, తేడా 33 వేలవుతుంది. నడిచే కారును తుక్కుకు ఇవ్వడం ఈ కుటుంబానికి నష్టం.

ఒక్క విషయం మార్చి చూద్దాం. అదే కారు, కానీ ఆర్సీ గడువు ముగిసింది, ఇంజన్ పొగ కక్కుతోంది, తనిఖీలో నెగ్గాలంటే మరమ్మతులకే చాలా ఖర్చవుతుంది. షోరూమ్ దాన్ని ఎక్స్‌ఛేంజ్‌కు తీసుకోనంది. పాత కార్ల బేరగాడు 15 వేలకు మించి ఇవ్వనన్నాడు. అప్పుడు మామూలు దారిలో వచ్చేది 15 వేలు, నగదు డిస్కౌంట్ 15 వేలు, వెరసి 30 వేలు. స్క్రాప్ దారిలో పన్ను రాయితీ పూర్తిగా వస్తే 75 వేలు, పది వేలే వస్తే 57 వేలు. ఏ రకంగా చూసినా స్క్రాప్‌దే పైచేయి. పథకం పనికొచ్చేది ఇలాంటి కార్లకే: ఇంటి ముందు టైర్లలో గాలి దిగిపోయి నిలబడిన వాటికి, కాగితాలు చెల్లనివాటికి, కొనేవాడు దొరకనివాటికి.

అందుకే షోరూమ్‌కు వెళ్లినప్పుడు పాత కారు సంగతి మొదట ఎత్తకపోవడం మంచిది. కొత్త కారు మాత్రమే కొంటున్నట్టు అడిగి, అన్ని తగ్గింపులతో ఆన్‌రోడ్ ధరను కాగితం మీద తీసుకోవాలి. ఆ తర్వాతే స్క్రాప్ సర్టిఫికెట్ ఉంటే ఎంతని రెండో కొటేషన్ అడగాలి. రెంటికీ మధ్య తేడానే షోరూమ్‌లో ఆ పథకం అసలు విలువ. దానికి తుక్కు డబ్బు కలిపి, అదే కారు బయట పలికే ధరతో, ఎక్స్‌ఛేంజ్ బోనస్‌తో పోల్చాలి. రెండు కొటేషన్లలో బీమా, యాక్సెసరీలు, హ్యాండ్లింగ్ చార్జీలు ఒకటేనా అన్నది వరుసగా చూసుకోవాలి. డిస్కౌంట్‌గా ఇచ్చిన 12 వేలు ఖరీదైన బీమా రూపంలో వెనక్కి వెళ్లిపోవచ్చు. నో క్లెయిమ్ బోనస్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. అది కారుది కాదు, యజమానిది. పాత కారు అమ్మినా, తుక్కుకిచ్చినా బీమా కంపెనీ నుంచి లేఖ తీసుకుంటే కొత్త కారు సొంత నష్టం ప్రీమియంలో 50 శాతం వరకు తగ్గుతుంది. దాన్ని షోరూమ్ తన తగ్గింపుగా చూపిస్తే ఒప్పుకోకూడదు.

లెక్క తేలి స్క్రాప్‌కే మొగ్గితే, కారు వెళ్లాల్సింది ప్రభుత్వం వద్ద రిజిస్టరైన స్క్రాపింగ్ కేంద్రానికి. వీధి చివర తుక్కు దుకాణానికి ఇస్తే కిలోకు రెండు రూపాయలు ఎక్కువ రావచ్చేమో కానీ, డిస్కౌంటుకు, పన్ను రాయితీకి ఆధారమైన ‘సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్’ రాదు. రిజిస్టరైన కేంద్రం ఆర్సీ, యజమాని గుర్తింపు పత్రాలు చూస్తుంది, బండి దొంగిలించినదేమో రికార్డుల్లో పరిశీలిస్తుంది. బ్యాంకు రుణం తీరినా ఆర్సీలో ఆ బ్యాంకు పేరు తీయించకపోతే పని అక్కడే ఆగిపోతుంది. చాలామందికి ఎదురయ్యే అడ్డంకి ఇదే. కనుక బ్యాంకు నిరభ్యంతర పత్రం, పెండింగ్ చలాన్లు, పన్ను బకాయిల సంగతి ముందే చూసుకోవాలి. బేరం కుదిరేటప్పుడు బ్యాటరీ, చక్రాలు తీసేస్తే ఎంత కోస్తారో, కారును లాక్కెళ్లే ఖర్చు ఎవరిదో అడగాలి. 2024 ఒప్పందంలో గత ఆరు నెలల్లో తుక్కుకిచ్చిన వాహనాలకే డిస్కౌంట్ అన్న షరతు ఉంది కాబట్టి, కొత్త కారు డెలివరీకి చాలా నెలలు పట్టే మోడల్ బుక్ చేసినవారు పాత కారును తొందరపడి ఇచ్చేయకూడదు.

కారును ముక్కలు చేశాక కేంద్రం మరో పత్రం, వాహనం తుక్కయినట్టు ధ్రువీకరణ, ఇస్తుంది. దాని ఆధారంగా ‘వాహన్’ రికార్డుల్లో పాత రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. చేతికి డబ్బు వచ్చిందని ఊరుకోకుండా, పరివాహన్ పోర్టల్‌లో ఆ నంబరు కొట్టి రద్దయినట్టు కనిపిస్తోందో లేదో చూడండి. కనిపించకపోతే చట్టం దృష్టిలో ఆ కారుకు యజమాని ఇంకా మీరే. అదే నంబరు ప్లేటుతో మరో బండి తిరిగితే చలాన్ మీ ఇంటికే వస్తుంది.