ఒక డిశ్చార్జ్, ఐదు విభాగాలు, ఒక కాగితం

ఉదయం పదింటికి రౌండ్స్‌లో డాక్టరు గారు "ఇక ఇంటికి వెళ్లొచ్చు" అంటారు. రోగి గేటు దాటేసరికి సాయంత్రం నాలుగో అయిదో అవుతుంది. ప్రైవేటు ఆసుపత్రిలో ఒక్కసారి ఉన్నా ఈ ఎదురుచూపు అనుభవంలోకి వస్తుంది. ఆ మధ్యలో డ్యూటీ డాక్టరు డిశ్చార్జ్ సమ్మరీ రాయాలి, పెద్ద డాక్టరు చూసి సంతకం పెట్టాలి. నర్సు వాడకుండా మిగిలిన మందులను ఫార్మసీకి తిప్పి పంపాలి. ఫార్మసీ క్లియరెన్స్ ఇచ్చాక బిల్లింగ్ వాళ్లు ఫైనల్ బిల్లు తీయాలి. ఆ బిల్లును ఇన్సూరెన్స్ డెస్క్ బీమా కంపెనీకి పంపి అనుమతి తెప్పించాలి.

ఈ ఆలస్యాన్ని తగ్గించే బాధ్యత చాలాచోట్ల క్వాలిటీ కోఆర్డినేటర్ మీద పడుతుంది. చిక్కేమిటంటే, ఈ విభాగాల్లో ఒక్కరు కూడా ఆమె కింద పనిచేయరు. ఆమె ఎవరికీ మెమో ఇవ్వలేదు, ఎవరి డ్యూటీ మార్చలేదు. అధికారం లేకుండా నలుగురిని కలుపుకుని పని సాధించడం ఎలాగో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తోచలేదు. రెండు వందల పడకల ఆసుపత్రిలో ఒక కోఆర్డినేటర్‌కు ఈ పని అప్పగించారనుకుందాం.

అందరినీ పిలిచి మీటింగు పెట్టాలనే ఆమెకు ముందు అనిపిస్తుంది. అలా పెడితే జరిగేది ఒకటే. బిల్లింగ్ ఇన్‌చార్జి "ఫైలు మా దగ్గరికి పన్నెండున్నరకు వచ్చింది, మేం తీసుకున్నది నలభై నిమిషాలే" అంటాడు. ఫార్మసీ వాళ్లు "పైనుంచి మందులే రాలేదు మేడమ్" అంటారు. నర్సులు డాక్టరు సంతకం కాలేదంటారు. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఎవరి గడియారం వాళ్ల దగ్గరికి ఫైలు వచ్చినప్పుడే మొదలవుతుంది. రోగి గడియారం మాత్రం పదింటికే మొదలైంది. దాన్ని చూసే మనిషి ఎవరూ లేరు.

అందుకే ఆమె మొదట ఆ గడియారాన్ని కళ్లకు కట్టాలి. రెండు వారాలపాటు ప్రతి డిశ్చార్జ్ ఫైలుకూ ఒక చీటీ జతచేస్తే చాలు. ఫైలు ఏ విభాగానికి ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి వెళ్లింది, అంతే. చీటీలో మనుషుల పేర్లు ఉండకూడదు. పేరు రాయమంటే నిజమైన టైము రాయరు. 11.00, 11.30, 12.00 అని గుండ్రటి అంకెలు, అన్నీ ఒకే చేతిరాతలో కనిపిస్తే ఆ చీటీని చివర్లో కూర్చుని నింపారని అర్థం. దాన్ని లెక్కలోంచి తీసేయాలి.

ఇన్సూరెన్స్ విషయంలో ఈ చీటీ కళ్లు తెరిపిస్తుంది. ఆలస్యానికి కారణం బీమా కంపెనీయే అని అందరూ అనేస్తారు. 2024 మేలో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం, ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ అభ్యర్థన అందిన మూడు గంటల్లోగా బీమా కంపెనీ తుది అనుమతి ఇవ్వాలి. అది దాటితే ఆసుపత్రి వేసే అదనపు ఖర్చును కంపెనీయే భరించాలి. ఆ అభ్యర్థన మధ్యాహ్నం రెండింటికి వెళ్లిందనుకోండి. అయిదింటికి అనుమతి వచ్చినా కంపెనీ నియమం తప్పనట్టే. అంతకుముందు పోయిన నాలుగు గంటలు పూర్తిగా ఆసుపత్రి చేతిలోనివి.

అంకెలు చేతికొచ్చినంత మాత్రాన ఎవరూ మాట వినరు. పలుకుబడి పెరిగేది ఎదుటివాళ్ల కష్టాన్ని ఒకటైనా తీర్చినప్పుడు. కోఆర్డినేటర్ ఒక పూట బిల్లింగ్ కౌంటర్ వెనక కూర్చుంటే రెండు సంగతులు తెలుస్తాయి. ఫైళ్లన్నీ పన్నెండు తర్వాత ఒక్కసారిగా వచ్చి పడతాయి. వాటిలో సగం ఫైళ్లలో ప్రొసీజర్ చార్జీల స్లిప్పులు ఉండవు. ఆ స్లిప్పుల కోసం కుర్రాళ్లు వార్డులకు ఫోన్లు చేస్తూ కూర్చుంటారు, ఎదురుగా రోగి బంధువులు కేకలేస్తుంటారు. రేపు వెళ్లే అవకాశమున్న రోగుల జాబితాను ముందు రోజు సాయంత్రం ఆరుకల్లా బిల్లింగ్‌కు ఇమ్మని ఆమె ఒక వార్డు సిస్టర్‌ను ఒప్పించగలిగితే, రాత్రికే బిల్లు సగం సరిచూసుకోవచ్చు. ఆ వారం నుంచి బిల్లింగ్ ఇన్‌చార్జి ఆమె ఫోను ఎత్తుతాడు. ఆయన దగ్గర మరో మాట అడగడానికి అప్పుడు ఆమెకు చనువు వస్తుంది.

పెద్ద డాక్టర్ల దగ్గర ఈ పద్ధతి కూడా సరిపోదు. ఓపీ వదిలేసి ముందు రౌండ్స్‌కు రమ్మంటే ఎవరూ రారు, ఆ కోరిక కూడా న్యాయం కాదు. రౌండ్స్‌లో డిశ్చార్జ్ రోగులను మొదట చూడమని అడగొచ్చు. ఆ మాట కోఆర్డినేటర్ నోటి నుంచి కన్నా, ఇప్పటికే అలా చేస్తున్న మరో సీనియర్ డాక్టరు నోటి నుంచి వస్తే విలువ ఎక్కువ. ఎవరితో చెప్పిస్తే ఎవరు వింటారో కనిపెట్టడంలోనే ఈ పనికి సగం నేర్పు ఉంది.

విడివిడిగా అందరితో మాట్లాడి, అభ్యంతరాలు విని, ఆ తర్వాతే మీటింగు పెట్టాలి. మీటింగులో ఎవరికీ కొత్త సంగతి వినపడకూడదు. అక్కడ జరగాల్సింది ఒక్క పేజీ ఒప్పందం ఖరారు కావడం. ఆ పేజీలో "త్వరగా", "వీలైనంత వరకు" లాంటి మాటలకు చోటు ఉండకూడదు. మొదటి వాక్యమే ఇలా ఉండాలి: "డిశ్చార్జ్ సమయం అంటే కన్సల్టెంట్ కేస్ షీట్‌లో రాసిన నిమిషం నుంచి రోగి చేతికి గేట్ పాస్ అందే వరకు." తర్వాత ఫైలు పూర్తయిందంటే ఏమిటో రాయాలి: "సంతకమైన సమ్మరీ, ప్రొసీజర్ స్లిప్పులు, ఫార్మసీ క్లియరెన్స్. ఈ మూడూ ఉన్న ఫైలుకు గంటలో ఫైనల్ బిల్లు. ఏదైనా లేకపోతే బిల్లింగ్ పది నిమిషాల్లో వార్డుకు ఫోను చేస్తుంది, ఫైలును తన దగ్గర ఉంచుకోదు." ఈ చివరి ముక్కే చాలా ఒప్పందాల్లో ఉండదు. అన్నీ సవ్యంగా ఉంటే ఎవరేం చేయాలో రాస్తారు, లోపమున్నప్పుడు ఏం చేయాలో రాయరు. గంటలు కరిగిపోయేది అక్కడే.

ఆ గంట అనే అంకెను కోఆర్డినేటర్ వేయకూడదు, బిల్లింగ్ వాళ్లే చెప్పాలి. గంటన్నర అంటే గంటన్నరే రాయాలి. తాము చెప్పిన అంకెను మనుషులు నిలబెట్టుకుంటారు. మెడికో లీగల్ కేసులు, రాత్రిపూట డిశ్చార్జ్‌లు ఇందులోకి రావనీ, నెలకోసారి ఈ పేజీని తిరిగి చూస్తామనీ రాయాలి. అదే సాయంత్రం పేజీని అందరికీ పంపాక, మౌనాన్ని అంగీకారం అనుకోవద్దు. ప్రతి ఇన్‌చార్జి నుంచీ "సరే" అని జవాబు వచ్చేదాకా అడగాలి. నైట్ షిఫ్ట్ వాళ్లను మరిచిపోతే, పొద్దున ఎనిమిదింటికి ఫార్మసీకి చేరాల్సిన మందులు వార్డు ట్రాలీలోనే ఉండిపోతాయి.

ఇంత చేసినా కదలని ముడి ఒకటి ఉండొచ్చు. తిరిగొచ్చిన మందులు ఎక్కువైతే ఫార్మసీ ఇన్‌చార్జికి పైనుంచి మాట పడుతుందనుకోండి, ఆయన రిటర్నులను ఎందుకు తొందరగా తీసుకుంటాడు? అది స్నేహంతో తీరేది కాదు. అప్పుడు ఆయన వాదన, వార్డు వాదన రెండూ ఒకే కాగితం మీద రాసి, ఆయనకు చూపించి, ఇద్దరూ కలిసి మెడికల్ సూపరింటెండెంట్ దగ్గరికి వెళ్లాలి. ఆయన చాటున వెళితే ఆ నమ్మకం మళ్లీ రాదు.

ఇలాంటి పని అప్పగించే యాజమాన్యాలకు ఒక విన్నపం. కోఆర్డినేటర్‌కు అధికారం ఇవ్వకపోయినా ఫరవాలేదు. రెండు విభాగాలకు మాట కుదరనప్పుడు తేల్చేది ఎవరో, ఎన్ని రోజుల్లోగానో ఆ పేజీ అడుగున రాసి మీరు సంతకం పెట్టండి.