పది రోజుల బిల్లు అంటే ఏ పది రోజులు?

ఒక ఊళ్లో పాల కేంద్రానికి సాఫ్ట్‌వేర్ చేయించాలనుకున్నారనుకుందాం. రైతులు రెండు పూటలా పాలు పోస్తారు. వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్ చూసి లీటరుకు ధర కడతారు. కార్యదర్శి తమ అవసరాన్ని ఇలా రాసిచ్చాడు: "పది రోజులకోసారి రైతుకు బిల్లు రావాలి. పైసలు రూపాయికి సర్దాలి."

ఏళ్ల తరబడి చేస్తున్న పని కాబట్టి కార్యదర్శికి అందులో సందేహం లేదు. చదివిన ప్రోగ్రామర్‌కూ రాలేదు. చిక్కంతా అక్కడే ఉంది.

కార్యదర్శి లెక్కలో నెలకు మూడే బిల్లులు: 1 నుంచి 10, 11 నుంచి 20, 21 నుంచి నెలాఖరు. ప్రోగ్రామర్ మాత్రం జనవరి 1 నుంచి సరిగ్గా పదేసి రోజులు లెక్కపెట్టాడు. 30వ తేదీ దాకా ఇద్దరి బిల్లులూ ఒకటే. 31న పోసిన పాలు కార్యదర్శికి జనవరి బిల్లులో కావాలి. కంప్యూటర్ వాటిని ఫిబ్రవరి 9తో ముగిసే బిల్లులో వేసింది.

పైసల సంగతీ అంతే. ఒక రైతు పూటకు 7.3 లీటర్లు, లీటరు రూ.48.65 చొప్పున పోస్తే రూ.355.145 వస్తుంది. పూటపూటకూ సర్దితే రూ.355, ఇరవై పూటలకు రూ.7,100. చివర్లో ఒక్కసారే సర్దితే రూ.7,103. మూడు రూపాయలే కదా అని రైతు ఊరుకోడు.

ఇలాంటివి ముందే తేల్చేదే బిజినెస్ రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంట్, వాడుకలో బీఆర్‌డీ. ఏం కావాలో అందులో ఉంటుంది. ప్రోగ్రాం ఎలా రాయాలన్నది డెవలపర్‌కు వదిలేస్తారు. ప్రతి అవసరానికీ ఒక నంబరు, ఒక నియమం, ఒక ఉదాహరణ ఉండాలి. పై వాక్యాన్ని ఇలా తిరగరాయొచ్చు:

"బిల్లు-1: బిల్లు కాలం 1–10, 11–20, 21–నెలాఖరు. ఉదాహరణ: జనవరి 31 సాయంత్రం పాలు జనవరి మూడో బిల్లులోనే వస్తాయి.

బిల్లు-2: పూట మొత్తాన్ని సర్దకూడదు. బిల్లు మొత్తాన్నే దగ్గరి రూపాయికి సర్దాలి. సరిగ్గా 50 పైసలుంటే పై రూపాయికి. ఉదాహరణ: రూ.7,102.90 అయితే రూ.7,103."

ఈ ఉదాహరణలే తర్వాత సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడానికి పనికొస్తాయి. "త్వరగా", "తగినట్టుగా", "వగైరా" అన్న మాటలు కనబడితే అక్కడ నియమం ఇంకా తేలలేదన్నమాటే. అయితే అన్నీ ముందే తట్టవు. ధరల పట్టికా మారుతుంది. మార్పు వచ్చినప్పుడు ఫోన్లో చెప్పి ఊరుకోకుండా, తేదీ వేసి అదే పత్రంలో రాసి, ఇరువైపులా సంతకం చేయాలి.

మొదటి సంతకానికి ముందు ఒక పని చేయండి. 31 రోజులున్న పాత నెల ఖాతా ఒకటి తీసి, పత్రం మాత్రమే చూసి మీరొకసారి, డెవలపర్ ఒకసారి చేత్తో బిల్లు కట్టండి. రెండు మొత్తాలూ కలవకపోతే సంతకం పెట్టకండి.