గ్రోత్ హార్మోన్ 0.3 అని వస్తే

ఎనిమిదేళ్ల పాప, ఎత్తు 108 సెంటీమీటర్లు. తోటి పిల్లల భుజం దాకానే వస్తోందని అమ్మానాన్నలు ల్యాబుకు తీసుకెళ్లి గ్రోత్ హార్మోన్ పరీక్ష చేయించారనుకుందాం. ఉదయం పదింటికి తీసిన రక్తంలో 0.3 నానోగ్రాములు ఉందని రిపోర్టు వచ్చింది. హార్మోన్ లోపమేనని ఇంటిల్లిపాదీ బెంగపడతారు. కానీ చక్కగా ఎదుగుతున్న పిల్లలకు ఆ వేళలో పరీక్ష చేసినా చాలాసార్లు అంతే వస్తుంది.

మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి ఈ హార్మోన్‌ను రోజంతా ఒకే తీరున వదలదు. ఉండుండి ఒక్కసారిగా వదులుతుంది, అదీ ఎక్కువగా గాఢనిద్రలో. వదిలిన హార్మోన్ రక్తంలో దాదాపు 20 నిమిషాలకే సగానికి పడిపోతుంది. పగలు సూది గుచ్చే సమయానికి దాదాపు ఏమీ మిగలదు. పాప భయపడి ఏడిస్తే అదే హార్మోన్ పెరగనూ వచ్చు. కాబట్టి అంకె తక్కువగా ఉన్నా లోపమని చెప్పలేం.

ఈ హార్మోన్ కాలేయానికి చేరి ఐజీఎఫ్-1 అనే పదార్థాన్ని తయారు చేయిస్తుంది. ఎముకల చివర్లు సాగడంలో దీని పాత్ర పెద్దది. ఇది రక్తంలో వేరే ప్రొటీన్లను అంటిపెట్టుకుని గంటల తరబడి నిలుస్తుంది కాబట్టి, ఏ పూట చూసినా పెద్ద తేడా ఉండదు. డాక్టర్లు ముందు దీన్ని అడగడం అందుకే. ఫలితాన్ని మాత్రం పాప వయసుకు, యౌవన దశకు తగిన కొలతలతోనే పోల్చాలి. చాలా చిన్న పిల్లల్లో ఇది సహజంగానే తక్కువ.

మన పాపకు ఐజీఎఫ్-1 కూడా తక్కువే వచ్చింది. అయినా తొందరపడకూడదు. సరైన తిండి లేకపోయినా, కాలేయ జబ్బు ఉన్నా, థైరాయిడ్ మందగించినా ఇది తగ్గుతుంది. డాక్టరు పాత కొలతలు అడిగారు. బడి రికార్డు ప్రకారం ఏడాదిలో పెరిగింది మూడే సెంటీమీటర్లు. ఈ వయసులో ఐదారు పెరగాలి. బరువేమో పెరుగుతోంది, మలబద్ధకం, ఎప్పుడూ మగతగా ఉంటోంది. టీఎస్‌హెచ్ చూస్తే వంద దాటింది. అంటే థైరాయిడ్ బాగా మందగించింది. రోజూ థైరాక్సిన్ మాత్ర వేస్తే ఇలాంటి పిల్లల ఎదుగుదల మళ్లీ పుంజుకుంటుంది.

థైరాయిడ్ సరిచేశాకా ఎత్తు పెరగకపోతే అప్పుడు ప్రేరేపణ పరీక్ష. పరగడుపున క్లోనిడిన్ లాంటి మందిచ్చి, అరగంటకోసారి రక్తం తీసి, గ్రంథి అత్యధికంగా ఎంత వదలగలదో చూస్తారు. క్లోనిడిన్‌కు బీపీ తగ్గి మగత వస్తుంది కాబట్టి ఆసుపత్రిలోనే చేయాలి. థైరాయిడ్ సరికాకముందే ఈ పరీక్ష చేస్తే మంచి గ్రంథి కూడా మందకొడిగా కనిపించవచ్చు. ఊబకాయం ఉన్నా అంతే. మామూలు పిల్లల్లోనూ కొందరు ఒక పరీక్షలో తప్పుతారు. అందుకే సాధారణంగా రెండు రకాల మందులతో చేసి, రెండింట్లోనూ తక్కువ వస్తేనే లోపమంటారు.

వేళాపాళా లేకుండా తీసిన గ్రోత్ హార్మోన్ విలువ పనికొచ్చే సందర్భం ఒకటుంది. పుట్టిన మొదటి వారంలో ఈ హార్మోన్ సహజంగానే ఎక్కువ. అప్పుడే శిశువుకు షుగర్ పదేపదే పడిపోతూ, ఆ సమయంలో తీసిన రక్తంలో ఇది బాగా తక్కువగా ఉంటే పిట్యూటరీని వెంటనే అనుమానించాలి.