చీటీ పుస్తకంలో అయిదు వేలకు నాలుగు వేలు రాస్తే

ఇరవై మంది, నెలకు అయిదు వేలు, ఇరవై నెలలు. మన ఊళ్లలో ఎక్కడైనా కనిపించే లక్ష రూపాయల చీటీ ఇది. నాలుగో నెల పాట జరిగింది. డబ్బు అవసరం ఎక్కువగా ఉన్న ఒకావిడ 25,000 తగ్గించుకుని పాడుకుంది. ఆ రాత్రి నిర్వాహకుడు పుస్తకంలో ఏం రాస్తాడన్న దాని మీదే మిగతా పందొమ్మిది మంది డబ్బు లెక్క ఆధారపడి ఉంటుంది.

ఆమె వదులుకున్న 25,000లో నిర్వాహకుడి కమీషన్ కూడా కలిసే ఉంది. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం కమీషన్‌ను చీటీ మొత్తంలో 5 శాతానికి పరిమితం చేసింది. 2019 సవరణ దాన్ని 7 శాతానికి పెంచింది. మన చీటీ ఒప్పందంలో 5 శాతమే ఉందనుకుందాం. అంటే 5,000 కమీషన్ పోగా 20,000 మిగిలింది. దాన్ని ఇరవై మందికి పంచితే తలా వెయ్యి డివిడెండ్. ఆ వెయ్యి అదే నెల వాయిదాలో తగ్గించే పద్ధతి ఉంటే ఒక్కొక్కరూ కట్టేది నాలుగు వేలే. మొత్తం వసూలు 80,000. అందులో పాడుకున్నావిడకు 75,000, నిర్వాహకుడికి 5,000. లెక్క తేలిపోయింది.

చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. చేతికి వచ్చింది నాలుగు వేలు కాబట్టి సభ్యుడి పేరు కింద ‘4,000’ అని రాసి ఊరుకుంటారు. అలా రాయకూడదు. వాయిదా 5,000, డివిడెండ్ జమ 1,000, నగదు 4,000 అని మూడూ విడివిడిగా కనబడాలి. పాడుకున్నావిడ పేజీలోనూ అంతే. ఆమె ఖర్చు కింద లక్ష రాసి, అందులో 75,000 నగదుగా ఇచ్చినట్టు, 5,000 కమీషన్‌కు, 20,000 డివిడెండ్‌కు పోయినట్టు చూపాలి.

ఇంత శ్రమ ఎందుకో నాలుగు నెలలు గడిచాక తెలుస్తుంది. మొదటి నెల నిర్వాహకుడే తగ్గింపు లేకుండా లక్ష తీసుకున్నాడు. తన పేర కూడా ఒక చీటీ ఉంటే చట్టం దానికి ఒప్పుకుంటుంది. తర్వాత మూడు నెలల్లో ముగ్గురు పాడుకున్నారు. ఈ నలుగురూ ఇంకా పదహారు వాయిదాలు కట్టాలి. ఒక్కొక్కరూ 80,000 చొప్పున 3,20,000. పాడుకోని పదహారు మంది ఇప్పటికి తలా 20,000 కట్టినట్టు. అదీ 3,20,000. రెండూ సమానం. పాడనివాళ్ల డబ్బంతా ఇప్పుడు పాడినవాళ్ల దగ్గరే ఉందని దీని అర్థం. ఏ నెలలో చూసినా ఈ రెండు మొత్తాలూ కలవాలి. నాలుగు వేలు, నాలుగున్నర వేలు అంటూ చేతికొచ్చిన నగదు మాత్రమే రాసుకుంటూ పోతే ఈ పరీక్ష చేయడానికి వీలుండదు.

ఒక సభ్యుడు ఆ నెల కట్టలేదనుకోండి. అప్పుడు వసూలు 76,000. పాడుకున్నావిడకు 75,000 ఇవ్వక తప్పదు కాబట్టి కమీషన్‌గా చేతికొచ్చింది వెయ్యి మాత్రమే. నిర్వాహకుడు తన జేబులోంచి నాలుగు వేలు వేసి పూడిస్తే, ఆ సభ్యుడి బాకీ పేరుతో ఒక పద్దు, తాను పెట్టిన నాలుగు వేలకు ఇంకో పద్దు రాయాలి. అలా కాకుండా పక్క చీటీ వసూలులోంచి తీసి సర్దితే ఈ పుస్తకంలో అంతా సరిగ్గానే కనబడుతుంది, లోటు మాత్రం ఆ పుస్తకానికి మారుతుంది. చీటీలు మునిగేది ఎక్కువగా ఇలా ఒకదాని డబ్బు మరొకదానికి మార్చడం వల్లే. ప్రతి చీటీకీ వేరే లెడ్జరు, వేరే నగదు లెక్క ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే.

పాడుకున్నావిడకు జామీను ఇంకా కుదరలేదనుకుందాం. మిగిలిన పదహారు వాయిదాలకు, అంటే 80,000కు, పూచీ ఇవ్వాలి. అప్పటిదాకా 75,000 నిర్వాహకుడి చేతిలోనే ఉన్నా అది ఆయన ఆదాయం కాదు, ఆమెకు ఇవ్వాల్సిన బాకీ. జామీను రాక తర్వాతి వాయిదా తేదీ వచ్చేస్తే, ఆ మొత్తాన్ని ఆమోదం ఉన్న బ్యాంకులో విడి ఖాతాలో వేసి, కారణం ఆమెకు రాతపూర్వకంగా తెలపాలని చట్టం చెబుతోంది. ఈ నెల వచ్చిన 80,000లో నిర్వాహకుడు తన ఆదాయంగా రాసుకోదగింది 5,000 కమీషన్ ఒక్కటే.

ఇరవయ్యో నెలలో పాట ఉండదు, మిగిలింది ఒక్కరే. ఇరవై మందీ పూర్తి అయిదు వేలు కడతారు, ఆ చివరి సభ్యుడికి కమీషన్ పోను 95,000 అందుతుంది. ఆ రోజు పుస్తకంలో పాడినవాళ్ల బాకీ సున్నా, పాడనివాళ్ల జమ కూడా సున్నా కావాలి. ఏదైనా మిగిలితే, ఎవరి పేరు మీద, ఏ నెల నుంచి అన్నది లెడ్జరు చూసి చెప్పగలగాలి.