ఎడబాటు తరువాత రాసే కవిత

హిజ్రీ మొదటి శతాబ్దంలో మదీనా పరిసరాల్లో ఖైస్ ఇబ్ను జరీహ్ అనే కవి ఉండేవాడు. హజ్రత్ హుసైన్ (రజి) గారికి పాలసోదరుడు. అతని భార్య పేరు లుబ్నా. వారికి సంతానం కలగలేదు. లుబ్నాను విడిచిపెట్టి మరొక పెళ్లి చేసుకోమని తల్లిదండ్రులు పట్టుబట్టారు. ఖైస్ ఒప్పుకోలేదు. కొడుకు ఆమెకు తలాఖ్ ఇచ్చేదాకా ఇంటి కప్పు కిందికి రానని తండ్రి ఒట్టు పెట్టుకుని ఎండలో నిలిచాడు. అబుల్ ఫరజ్ ఇస్ఫహానీ తన ‘కితాబుల్ అగానీ’లో చెప్పిన ప్రకారం, ఖైస్ రోజూ వచ్చి తన పైవస్త్రాన్ని తండ్రికి నీడగా పట్టి, తాను ఎండలో నిలబడేవాడు. పొద్దు వాలాక లుబ్నా దగ్గరకు వెళ్లి కన్నీరు పెట్టుకునేవాడు. చివరికి తలాఖ్ ఇచ్చాడు. పుట్టింటివారు వచ్చి లుబ్నాను తీసుకువెళ్లిన రోజున, ఆమె ఒంటె అడుగుజాడల మీదకు వంగి ముద్దు పెట్టుకున్నాడని అదే గ్రంథం చెబుతోంది. అరబ్బీ సాహిత్యంలో అతని పేరు నిలిచింది ఆ ఎడబాటు మీద చెప్పిన కవితల వల్లనే.

ఈ వృత్తాంతంలో తండ్రిని కఠినుడని గాని, కొడుకును బలహీనుడని గాని ఎవరూ అననవసరం లేదు. ఎండలో పట్టిన ఆ వస్త్రం ఇద్దరినీ చూపిస్తుంది. విడాకుల తరువాత రాసే కవితకు కావలసింది ఇలాంటి వస్తువే. మన వద్ద ఇటువంటి కవితల్లో ఎక్కువ భాగం తీర్పులుగా మారిపోతున్నాయి. పాఠకుడి ముందు వాది ఒక్కరే ఉంటారు, ప్రతివాది ఉండడు. ఇక తీర్పుకు విలువ ఏముంటుంది?

ధర్మం కూడా ఈ రచనకు ఒక హద్దు గీసింది. భార్యతో ఏకాంతంగా గడిపి ఆ రహస్యాన్ని బయటపెట్టేవాడు ప్రళయదినాన అతి నీచ స్థానంలో ఉంటాడన్న భావం గల హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. ఆ జాగ్రత్త భార్యకూ వర్తిస్తుంది. పరోక్షనింద సంగతి వేరే చెప్పనక్కరలేదు. తెనాలి వంటి ఊళ్లో వీధి పేరు, దుకాణం పేరు రాస్తే చాలు, కవిత గీబత్ అయిపోతుంది.

మరి రాయడానికి ఏమి మిగిలింది? చాలా మిగిలింది. రజయీ తలాఖ్‌లో ఇద్దత్ ముగిసేదాకా భార్య అదే ఇంట్లో ఉండాలని సూరా తలాఖ్ ఆదేశిస్తోంది. మూడు రుతుకాలాలు, గర్భవతి అయితే ప్రసవం దాకా. ఒకే కప్పు కింద ఇద్దరు మనుషులు తలుపు చప్పుడును బట్టి, అన్నం గిన్నె బరువును బట్టి ఒకరినొకరు గమనించుకునే కాలమది. కవిత్వానికి అంతకంటే దగ్గరి సామగ్రి ఉండదు.

ఒక ఉదాహరణ ఊహిద్దాం. రేపల్లె అమ్మాయి, తెనాలి కోడలు. ఇద్దత్ ముగిశాక అన్నతో పుట్టింటికి బయలుదేరింది. మొదటి ప్రతిలో ఇలా రాసుకుంది:

నా బతుకును ఎడారి చేశావు
నా నమ్మకాన్ని బూడిద చేశావు

ఇది ఏ ఊరిలోనైనా, ఎవరైనా, ఎవరి మీదైనా రాయగలిగినది. రెండవ ప్రతి:

తెనాలిలో బండి ఎక్కాం.
అన్న తలుపు దగ్గర నిలబడ్డాడు.
డబ్బా మూత తీశాను.
పచ్చడిలో కారం తగ్గించి కలిపాను, అలవాటుగా.
నేను కారం తింటాను.
వేమూరు దాటేదాకా
పక్క సీటు మీద నా సంచి ఉంది.
భట్టిప్రోలులో ఎవరో అడిగితే
ఒడిలోకి తీసుకున్నాను.

కారం తినలేని మనిషి ఒకడున్నాడని, అతని నోటికి తగినట్టు ఏళ్ల తరబడి వండిందని మనకు తెలిసిపోయింది. అతను మంచివాడో కాడో తెలియలేదు. తెలియనవసరం లేదు. చివర ‘పక్కన ఒంటరితనం కూర్చుంది’ అన్న పంక్తి చేర్చాలని చెయ్యి లాగుతుంది. చేర్చితే సంచి వ్యర్థమవుతుంది.

ఇక్కడ ఒక మోసం కూడా జరుగుతుంది. నింద కొన్నిసార్లు వస్తువు వేషంలో వస్తుంది. ‘నువ్వు ఏనాడూ కడగని గ్లాసు’ అన్నప్పుడు గ్లాసు కనబడుతోంది గాని, వినబడేది ఫిర్యాదే. దీన్ని పసిగట్టడానికి సులువైన పద్ధతి ఉంది. ఆ పంక్తిని అవతలి మనిషి చదివితే సమాధానం చెప్పాలనిపిస్తుందా అని అడగాలి. గ్లాసుకు సమాధానం ఉంటుంది. పచ్చడికి ఉండదు.

సూరా బఖరాలో, తాకకముందే విడిపోయినవారి సందర్భంలో, పరస్పర ఔదార్యాన్ని మరువవద్దన్న హితవు ఉంది. కలిసి బతికినవారికి అది ఇంకా ఎక్కువగా తగుతుందని నా అభిప్రాయం. అయితే ఔదార్యమంటే దౌర్జన్యాన్ని దాచడం కాదు. మహర్ ఎగ్గొట్టినా, చెయ్యి చేసుకున్నా ఆ మాట ఖాజీ ముందు, న్యాయస్థానంలో తేదీలతో, సాక్షులతో చెప్పాలి. అక్కడ పచ్చడి కారం పనికిరాదు. అర్జీలో రాయవలసినది కవితలో పెడితే అర్జీ బలహీనపడుతుంది, కవితా చెడుతుంది. రెంటికీ రెండు కాగితాలు వాడడం మేలు.