ఫొటోలో ముఖం, కథలో మనిషి

1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర, బఠాణీ కోతకు వచ్చిన కూలీల గుడారాల మధ్య డొరోతియా లాంగ్ ఒక తల్లిని ఫొటో తీశారు. ‘మైగ్రెంట్ మదర్’ అనే పేరుతో లోకమంతా తిరిగిన ఫొటో అది. చాలామంది పాఠకులు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. ఆ ముఖాన్ని చూసి కథలో ఒక పాత్రను రాయాలనుకుందాం. పాత్ర పేరు మార్తా. వలస కూలి. ఇక వర్ణన మొదలుపెడితే చేతికి ముందుగా తగిలే వాక్యాలు ఇలా ఉంటాయి:

“నలభై దాటిన వయసు. బతుకు చిదిమేసిన ముఖం. ఆకలి నిండిన కళ్లు. ఒకప్పుడు అందంగానే ఉండి ఉంటుంది.”

నాలుగు వాక్యాలు బాగానే నడిచాయి. కానీ వీటిలో ఫొటోలో కనిపించేది ఒక్కటీ లేదు. ఆమె వయసు అప్పటికి 32. ఎండ, పని, నుదుటి ముడతలు కలిసి మనచేత నలభై అనిపించాయి. ‘చిదిమేసిన’ అన్నది తీర్పు. ఆకలి కంటికి కనబడదు, అది ఫొటో కింద రాసిన వ్యాఖ్య నుంచి వచ్చింది. ఇక ‘ఒకప్పుడు అందంగానే’ అన్న మాట పూర్తిగా మన కల్పన. పైగా ఇప్పుడు అందంగా లేదనే మాటను దొడ్డిదారిన చెబుతోంది.

ఇది చేతగాని రచయితలకే జరుగుతుందనుకోనక్కర్లేదు. ముఖం చూడగానే మనసు ముందు తీర్పు చెబుతుంది, చూడటం తర్వాత మొదలుపెడుతుంది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో విల్లిస్, తొదొరోవ్ అనే మనస్తత్వవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో కొత్త ముఖాలను సెకనులో పదోవంతు సేపు చూపించారు. ఈ మనిషిని నమ్మవచ్చా లేదా అన్నది ఆపాటి వ్యవధిలోనే తేల్చేశారు చూసినవాళ్లు. ఇంకాసేపు చూడనిస్తే అభిప్రాయం పెద్దగా మారలేదు, దానిమీద ధీమా మాత్రం పెరిగింది. సాముద్రికం విన్న చెవులు మనవి. ముక్కును బట్టి గుణం, పెదవిని బట్టి బుద్ధి చెప్పడం మనకేం కొత్త కాదు.

అందుకే ఫొటో చూసి రాసేటప్పుడు కాగితం మీద మూడు నిలువు గడులు గీసుకోవడం పనికొస్తుంది. మొదటి గడిలో ఆ ముఖంలో రేపు కూడా ఉండేవి: ఎముకల తీరు, కళ్ల అమరిక, పెదవుల మందం, జుట్టు. రెండో గడిలో ఆ క్షణానికి మాత్రమే చెందినవి: ముడిపడ్డ కనుబొమలు, చూపు, చేయి ఎక్కడ ఉంది, వెలుతురు ఎటునుంచి పడింది. మూడో గడిలో మనం ఊహించినవి: దిగులు, ఆకలి, ఓపిక, కులం, జాతి, చదువు. మొదటి రెండు గడులనుంచే వర్ణన రావాలి. మూడోదాన్ని చెరిపేయనక్కర్లేదు. అది కథ చెప్పాల్సిన పని, ముఖం మీద రాయాల్సింది కాదు.

మార్తా విషయంలో మూడో గడి ఎంత మోసం చేస్తుందో చూడండి. ఆ ఫొటోలో ఉన్నావిడ ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని 1978 దాకా లోకానికి తెలియదు. అప్పటిదాకా ఆమెను తెల్లజాతి రైతు ఇల్లాలికి ప్రతీకగా చూశారు. నిజానికి ఆమె చెరోకీ తెగకు చెందిన మనిషి. కుటుంబం తిండి కోసం కారు టైర్లు అమ్ముకుందని లాంగ్ తర్వాత రాశారు. అలాంటిదేమీ జరగలేదని ఆ కుటుంబం చెప్పింది. అంటే ఫొటోతోపాటు వచ్చే వ్యాఖ్యను కాసేపు అరచేత్తో మూసి ముఖం చూడాలి.

మొదటి గడిలో రాసుకున్నవాటిని కూడా కళ్లు మూసుకుని నమ్మలేం. ఇది నలుపు తెలుపు ఫొటో. ఒంటి రంగు, కళ్ల రంగు ఇందులో నుంచి చెప్పలేం. జుట్టు ముదురు రంగు అనగలం, అంతే. ఫోన్‌తో తీసిన ఫొటో అయితే ఇంకో చిక్కు. అడుగు దూరం నుంచి తీసుకున్న సెల్ఫీలో ముక్కు అసలుకంటే దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా వైద్యులు లెక్కకట్టారు. అయిదడుగుల దూరం నుంచి తీస్తే ఆ తేడా ఉండదు. కాబట్టి ఒక్క సెల్ఫీ చూసి ‘పెద్ద ముక్కు’ అని రాస్తే మనం వర్ణించింది మనిషిని కాదు, కెమెరా దూరాన్ని. అదే మనిషివి వేరే వెలుతురులో, వేరే కోణంలో తీసిన ఫొటోలు ఇంకో రెండు దొరికితే ఏది ముఖానిదో ఏది లెన్సుదో తేలిపోతుంది.

తీర్పులన్నీ తీసేశాక రెండో ప్రమాదం ఎదురవుతుంది. “కోలముఖం, చామనఛాయ, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ” అంటూ తప్పిపోయినవారి ప్రకటనలా తయారవుతుంది వర్ణన. పారిస్ పోలీసుశాఖలో పనిచేసిన బెర్తియాన్ పంతొమ్మిదో శతాబ్దం చివర్లో నుదురు, ముక్కు, చెవి ఆకారాలను వర్గాలుగా విడగొట్టి, మాటలతోనే నేరస్థుణ్ణి గుర్తుపట్టే పద్ధతి తెచ్చాడు. మన పదో తరగతి సర్టిఫికెట్లలో పుట్టుమచ్చల వరస కూడా ఆ గుర్తింపు పనికోసమే. జనంలో ఒకణ్ణి పట్టుకోవడానికి ఆ భాష సరిపోతుంది. కథలో మనిషి ఎదురుగా కూర్చున్నట్టు అనిపించడానికి చాలదు.

ఈ రెంటి మధ్యా మార్తాను ఇలా రాయొచ్చు:

“మార్తా నుదుటి మీద అడ్డగీతలు పడ్డాయి. కనుబొమలు దగ్గరికి ముడిపడి ఉన్నాయి. పెదవులు సన్నం, మూసి ఉన్నాయి. ముదురు రంగు జుట్టు వెనక్కి దువ్వుకుంది, కొన్ని పాయలు పక్కకు జారాయి. కుడిచేతి వేళ్లు చెంప దగ్గర ఆన్చి, మనల్ని కాకుండా ఎటో దూరంగా చూస్తోంది. స్వెట్టర్ చేతి అంచు పీలికలైంది. పిల్లలిద్దరు ఆమె భుజాలమీద తలవాల్చి అటు తిరిగి ఉన్నారు.”

దిగులన్న మాట ఎక్కడా లేదు. స్వెట్టర్ అంచు ఉంది, పేదరికం అన్న మాట లేదు. వయసు అసలు చెప్పలేదు. అవసరమైతే “ముప్పయ్యో, నలభయ్యో తేల్చలేం” అనొచ్చు, ఎందుకంటే చూసేవాడికి నిజంగా తెలిసేది అంతే.

ఇది నిష్పక్షపాతంగా ఉందో లేదో పరీక్షించే దారి ఒకటుంది. ఫొటో చూపించకుండా ఈ పేరా నలుగురికి వినిపించి, ఈమె మంచిదా చెడ్డదా, తెలివైనదా అమాయకురాలా అని అడగాలి. నలుగురూ ఒకే జవాబు చెబితే ఎక్కడో ఒక విశేషణం వాళ్లచేత చెప్పించింది. వెతికి తీసేయాలి. జవాబులు తలోరకంగా వస్తే వర్ణన తన పని తాను చేస్తున్నట్టే.

మన కథల్లో ఆ విశేషణం ఎక్కువగా రంగు దగ్గర దొరుకుతుంది. “చామనఛాయ అయినా కళగల ముఖం” అనే వాక్యం ఎన్నో కథల్లో చదివాం. ఆ ‘అయినా’ ఎందుకు? పచ్చని ఛాయ ఉన్న నాయిక విషయంలో ఎవరూ ‘అయినా’ అనరు. చాలాసార్లు రంగే చెప్పరు, తెల్లగా ఉంటుందని పాఠకుడే అనుకోవాలి. నల్లగా ఉన్న పాత్ర రంగు మాత్రం మొదటి వాక్యంలోనే వచ్చేస్తుంది. ఒక కథలో రంగు చెబితే అందరిదీ చెప్పాలి, లేదంటే ఎవరిదీ చెప్పకూడదు. మచ్చకూ మెల్లకన్నుకూ ఇదే వర్తిస్తుంది. ప్రతినాయకుడి చెంపకే గాటు ఎందుకు పడాలి, పక్కింటి బడిపంతులికి పడకూడదా?

ఇక ఫొటోలో ఉన్న అసలు మనిషి సంగతి. థాంప్సన్ ఫొటో ప్రభుత్వ పనిలో భాగంగా తీసింది, ఎవరైనా వాడుకోవచ్చు. అయినా తన ముఖం పేదరికానికి గుర్తుగా తిరగడం, దానినుంచి తనకు పైసా రాకపోవడం ఆమెకు నచ్చలేదు. మనం మామూలుగా ముందు పెట్టుకునేది తెలిసినవాళ్ల ఫొటోనో, ఎక్కడో దొరికిన అపరిచితుడి ఫొటోనో. అలాంటప్పుడు మనిషిని పట్టించేది ఏ ఒక్క అవయవమూ కాదు, రెండుమూడు అరుదైన గుర్తుల కలయిక. ఎడమ కనుబొమ మీద గాటు, ముందరి పళ్ల మధ్య సందు, ఊరిపేరు ఒకేచోట చేరితే ఆ ఊళ్లో వాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. అందుకని చెంప ఎముకల తీరు, చూపు, చేతి భంగిమ ఉంచుకుని, గాటు తీసేయడమో వేరే పాత్రకు ఇవ్వడమో చేయాలి. వృత్తి, ఊరు కూడా మారిస్తే మరీ మంచిది.