ముందు దుంగ, తర్వాత పలక

టేకు బల్ల మూల దగ్గర కాస్త వంగి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. పైభాగంలో సాగుతూ వచ్చిన చార అంచు దగ్గర ఆగకుండా పక్కకు దిగుతుంది. పలక కొసన అవే చారలు విల్లులా వంగిన గీతలవుతాయి. పైన ఒకటి, పక్కన ఒకటి, కొసన ఒకటి అని కర్రకు మూడు వేరే డిజైన్లు లేవు. దుంగలో ఉన్న వలయాలనే రంపం మూడు దిక్కుల్లో కోసింది, అంతే.

కంప్యూటర్‌లో బల్ల తయారుచేసి, దాని మీద చెక్క ఫొటో అతికించినవాళ్లు దొరికిపోయేది ఈ మూల దగ్గరే. పైచార పక్కచారతో కలవదు. కొసన వలయాలు ఉండాల్సిన చోట నిలువు గీతలు కనిపిస్తాయి. సన్‌మైకా అంటించిన ప్లైవుడ్ లాగే ఉంటుంది, నిజానికి జరిగిందీ అదే.

ఫొటో జోలికి పోకుండా, లెక్కతోనే చెక్కను పుట్టించే పద్ధతి ఒకటుంది. తెరపై వస్తువు మీది ప్రతి బిందువుకూ పొడవు, వెడల్పు, ఎత్తు అని మూడు అంకెలుంటాయి. ఆ మూడూ తీసుకుని అక్కడ ఏ రంగు ఉండాలో చెప్పే చిన్న లెక్కే ప్రొసీజరల్ షేడర్. 1985లో సిగ్గ్రాఫ్ సదస్సులో కెన్ పెర్లిన్, డార్విన్ పీచీ విడివిడిగా ఈ ఆలోచనను వివరించారు. అంతకుముందు ‘ట్రాన్’ సినిమాకు పనిచేసిన పెర్లిన్‌కు, కంప్యూటర్ బొమ్మలు మరీ యంత్రాల్లా నున్నగా ఉండటం నచ్చలేదు. అందుకని ఆయన తయారుచేసిన ‘నాయిస్’కు 1997లో ఆస్కార్ సంస్థ సాంకేతిక పురస్కారం ఇచ్చింది. నాయిస్ అంటే ప్రతి బిందువుకూ ఒక అంకె ఇచ్చే లెక్క. పక్కపక్క బిందువులకు దగ్గరదగ్గర అంకెలే వస్తాయి కాబట్టి మచ్చలు మెత్తగా, మబ్బుల్లా పరుచుకుంటాయి.

ఇప్పుడు ఈ లెక్కలు రాయడానికి కోడ్ అక్కర్లేదు. ఉచితంగా దొరికే బ్లెండర్‌లో ఒక్కో లెక్కా ఒక్కో పెట్టె. దాన్ని నోడ్ అంటారు. ఒకదాని నుంచి ఇంకోదానికి తీగ లాగుతూ పోవడమే పని.

1.2 మీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు, 3 సెంటీమీటర్ల మందం ఉన్న టేకు పలక కావాలనుకుందాం. ముందు Texture Coordinate నోడ్‌లో Object నుంచి తీగ లాగి Mapping‌కు, అక్కడి నుంచి Wave Texture‌కు ఇవ్వాలి. అందులో Rings ఎంచుకుని, దిక్కు X అని పెడితే పలక పొడవునా సాగే ఒక దుంగ సిద్ధం. దుంగ కంటికి కనిపించదు. పలక ఉన్నంత మేర మాత్రమే బయటపడుతుంది.

మొదట కనిపించేది నిరాశపరుస్తుంది. వలయాలు మరీ లావుగా ఉంటాయి. ఈ నోడ్‌లో 0.314ను Scale అంకెతో భాగిస్తే వలయం మందం మీటర్లలో వస్తుంది. మామూలుగా Scale 5 ఉంటుంది కాబట్టి ఒక్కో వలయం ఆరు సెంటీమీటర్లు దాటుతుంది. ఏడాదికి అంత లావెక్కే టేకు ఎక్కడా లేదు. Scale 50 చేస్తే ఆరు మిల్లీమీటర్లకు వస్తుంది, నమ్మదగ్గ చెట్టవుతుంది.

తర్వాతిది చాలామంది పట్టించుకోని మీట. మామూలుగా ఉండే Sine తీసేసి Saw పెట్టాలి. చెట్టు ఏడాది మొదట్లో లేత రంగు కర్ర వేస్తుంది. పోనుపోను అది ముదురుతుంది. మళ్లీ కొత్త ఏడు రాగానే ఒక్కసారిగా లేతరంగు మొదలవుతుంది. Saw కూడా 0 నుంచి 1 దాకా మెల్లగా ఎక్కి, ఠక్కున పడిపోతుంది. దాన్ని Color Ramp‌కు ఇచ్చి ఎడమన లేత తేనెరంగు, కుడిన ముదురు గోధుమరంగు పెడితే వలయానికి ఒకవైపే పదునైన అంచు వస్తుంది. Sine వదిలేస్తే రెండువైపులా మెత్తగా కరిగిపోయి, చెక్క కాస్తా చారల చొక్కాలా తయారవుతుంది.

ఇక కోత. దుంగ నడిబొడ్డు సరిగ్గా పలక మధ్యలో ఉంటే కృతకంగా కనిపిస్తుంది. Mapping‌లో Location Z 0.09 ఇస్తే నడిబొడ్డు తొమ్మిది సెంటీమీటర్ల కిందికి జరుగుతుంది, పలక కొసన విల్లుగీతలు పడతాయి. కానీ పైభాగంలో మాత్రం తిన్నని గీతలే. Rotation Y 2 డిగ్రీలు తిప్పితే చాలు, పరిస్థితి మారిపోతుంది. 1.2 మీటర్ల పొడవులో దుంగ సుమారు 4.2 సెంటీమీటర్లు వాలుతుంది. అంటే ఆరేడు వలయాలు పైభాగాన్ని ఏటవాలుగా తాకి, టేకు తలుపుల మీద కనిపించే కోసుగా సాగిన తోరణాలు పుడతాయి. ఎవరూ గీయని తోరణాలివి.

ఇంకా వలయాలు కంపాసుతో గీసినట్టే ఉంటాయి. అక్కడ నాయిస్ కావాలి. Noise Texture ఇచ్చే అంకెల్లోంచి 0.5 తీసేసి, 0.02తో గుణించి, Wave‌కు వెళ్లే దారిలో కలిపితే వలయాలు అక్కడక్కడా ఒకటి రెండు సెంటీమీటర్ల లోపు వంకర పోతాయి. 0.5 తీసేయకపోతే దుంగ మొత్తం ఒక పక్కకు జరుగుతుంది. వంకరలు పొడవునా సాగాలంటే నాయిస్‌కు ముందు ఇంకో Mapping పెట్టి X అంకెను 0.1 చేయాలి. సాగదీయడానికి అంకె పెంచాలనుకుని 10 పెట్టేవాళ్లే ఎక్కువ. అప్పుడు వంకరలు పొడవునా నొక్కుకుపోయి ముడతల్లా వస్తాయి. ఇక్కడ అంకె తగ్గితేనే మచ్చ సాగుతుంది.

ఇన్ని చేసినా కొసన వలయాలు కోడిగుడ్డులా నొక్కుకుపోయి కనిపిస్తే తప్పు నోడ్లలో వెతకనక్కర్లేదు. రెండు మీటర్ల ఘనాన్ని లాగి పలక చేసినప్పుడు, లోపలి కొలతలు పాతవే ఉండిపోతాయి. Ctrl+A నొక్కి Scale ఎంచుకుంటే సరిపోతుంది.

తుప్పు సంగతి వేరు. వలయాలు దుంగ లోపలంతా ఉంటాయి, తుప్పు పైపైన పడుతుంది. కాబట్టి ఏ రంగు అన్నదానికంటే ఎక్కడ అన్నదే అసలు ప్రశ్న. నాయిస్ అంకెలు ఎక్కువగా 0.5 చుట్టూనే గుమిగూడతాయి. అందుకే Color Ramp రెండు కొనలనూ 0.48, 0.55 దగ్గరికి తెచ్చి బిగిస్తేనే మబ్బుల మచ్చలు పొక్కుల అంచులవుతాయి. ఆ నలుపు తెలుపు మచ్చనే మూడు చోట్ల వాడాలి. రంగుకు ఒకటి. Metallic‌కు ఇంకొకటి, ఎందుకంటే ఇనుము 1 అయితే తుప్పు లోహం కాదు కాబట్టి 0. మూడోది Roughness‌కు, ఇనుముకు 0.3, తుప్పుకు 0.9. రంగొక్కటే మార్చి మిగతావి వదిలేస్తే తుప్పు పట్టిన ఇనుము బదులు రాగిరేకులా మెరుస్తుంది. అంచుల్లో తుప్పు ఎక్కువగా రావాలంటే Pointiness ఉంది గానీ, అది సైకిల్స్ రెండరర్‌లోనే పనిచేస్తుంది, పైగా మెష్‌లో బిందువులు దట్టంగా ఉండాలి. ఎనిమిది మూలల ఘనం మీద దాన్ని నమ్ముకుంటే అంచు గీత రాదు.

ఈ పద్ధతికి పెద్ద చిక్కు బ్లెండర్ దాటాక ఎదురవుతుంది. గేమ్ ఇంజిన్లకు పంపే జీఎల్‌టీఎఫ్ ఫైలులో ఈ నోడ్లు వెళ్లవు. బేక్ చేసి, లెక్కనంతా బొమ్మగా మార్చి పంపాలి. అప్పటిదాకా పలకకు గాడి కొడితే లోపలి వలయాలు సరిగ్గా ఆ వంపులోనే బయటపడేవి. బేక్ చేసిన పలకను ఆటలో గొడ్డలితో చీలిస్తే లోపల చూపించడానికి ఏమీ ఉండదు. మళ్లీ పాత ఫైలు తెరిచి, చీలిన ముక్కలకు విడిగా బేక్ చేసుకురావాలి.